45 లక్షల లాభం ఎక్కడ కూర్చుంది?

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొని, ఆడించి, ప్యాకెట్లు కట్టి అమ్మే ఒక ప్రైవేటు కంపెనీని తీసుకుందాం. కంపెనీ కల్పితమే కానీ, దాని కష్టం మాత్రం ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. మార్చి 31తో ముగిసిన ఏడాదికి అమ్మకాలు 9 కోట్లు. ఖర్చులన్నీ పోగా పన్నుకు ముందు లాభం 60 లక్షలు, 15 లక్షల పన్ను పోతే నికర లాభం 45 లక్షలు. అయినా ఏడాది పొడుగునా యజమాని బ్యాంకు మేనేజరు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. సీసీ లిమిట్ అంచుదాకా వాడేశాడు. ఆడిటర్ లెక్కలు చేతిలో పెట్టగానే ఆయన అడిగిన మొదటి మాట: "లాభం వచ్చిందంటున్నారు బాగానే ఉంది, మరి ఆ డబ్బేదండీ?"

ఈ ప్రశ్నకు లాభనష్టాల ఖాతాలో జవాబు దొరకదు. ఆ ఖాతా పని వేరు. సరుకు అమ్మితే, డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా, అది అమ్మకమే. కరెంటు వాడుకుంటే, బిల్లు కట్టినా కట్టకపోయినా, అది ఖర్చే. ఏ ఏడాది రాబడి ఆ ఏడాదికి, దాన్ని తెచ్చిన ఖర్చు కూడా ఆ ఏడాదికే చెందాలన్నది ఆ ఖాతా నియమం. ఆ నియమం లేకపోతే వ్యాపారం బాగా నడిచిందో లేదో తేల్చలేం. కాకపోతే దానివల్ల లాభం ఒక అంకెగా, డబ్బు ఇంకో అంకెగా విడిపోతాయి. ఆ రెంటినీ మళ్లీ కలిపే లెక్కే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్.

దాన్ని రెండు దారుల్లో తయారు చేయవచ్చు. కొనుగోలుదారుల నుంచి ఎంత వచ్చింది, సరుకు ఇచ్చినవాళ్లకు ఎంత వెళ్లింది, జీతాలకు ఎంత పోయింది అని నేరుగా రాసుకుపోవడం ప్రత్యక్ష పద్ధతి. లాభం నుంచి మొదలుపెట్టి, అందులో డబ్బుతో సంబంధం లేని వాటిని తీసేసి, బాకీల్లోనూ నిల్వల్లోనూ వచ్చిన మార్పులను సరిచేసుకుంటూ డబ్బుదాకా నడవడం పరోక్ష పద్ధతి. చివరికి తేలే అంకె రెండు దారుల్లోనూ ఒకటే. మన దేశంలో స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలు వార్షిక నివేదికలో పరోక్ష పద్ధతినే వాడాలని సెబీ నిబంధన. చిన్న కంపెనీలకు చట్టం ఈ పట్టిక నుంచే మినహాయింపు ఇచ్చింది. నన్నడిగితే దీని అవసరం ఎక్కువగా ఉండేది ఆ చిన్నవాళ్లకే. ప్రత్యక్ష పద్ధతి డబ్బు ఎంతో చెబుతుంది. పరోక్ష పద్ధతి లాభం దారిలో ఎక్కడెక్కడ ఆగిపోయిందో కూడా చూపిస్తుంది. మన యజమాని అడిగింది సరిగ్గా అదే.

మన దగ్గర అలవాటు ప్రకారం పన్నుకు ముందు లాభంతో, అంటే 60 లక్షలతో మొదలుపెడదాం. కట్టిన పన్నును చివర్లో విడిగా తీసేస్తాం.

ముందు తరుగుదల. మిల్లు, ప్యాకింగ్ మెషీన్లు, వ్యాను వీటి మీద ఈ ఏడాది 18 లక్షల తరుగుదల రాశారు. ఈ డబ్బు ఈ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు. మెషీన్లు కొన్నప్పుడే చెల్లించేశారు. ఆ ఖరీదులో ఈ ఏడాది వంతును మాత్రం ఖర్చుగా చూపారు. అందుకే 18 లక్షలు తిరిగి కలుపుతాం. మొత్తం 78 లక్షలు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు మాట అంటారు, చదువుకున్నవాళ్లు కూడా: "తరుగుదల వల్ల డబ్బు వస్తుంది" అని. తరుగుదల పైసా తేదు. కావాలంటే దాన్ని రెట్టింపు చేసి చూడండి. తరుగుదల 36 లక్షలైతే లాభం 42 లక్షలకు పడిపోతుంది. 42కి 36 కలిపితే మళ్లీ అదే 78. పైన ఎంత తీశామో కింద అంతే కలుపుతున్నాం, డబ్బు కదలలేదు. పోనీ పన్నైనా తగ్గుతుందా అంటే, ఆదాయపు పన్ను శాఖ తరుగుదలను తన రేట్లతో తానే లెక్కగట్టుకుంటుంది. కంపెనీ తన పుస్తకాల్లో ఎంత రాసుకుందో దానికి పట్టదు.

రెండోది, రాని బాకీ. ఒక హోల్‌సేల్ వ్యాపారి ఇవ్వాల్సిన 4 లక్షలు వచ్చేలా లేవని ఆడిటర్ కేటాయింపు చేయించాడు. లాభం 4 లక్షలు తగ్గింది, పెట్టెలోంచి మాత్రం ఏమీ పోలేదు. కాబట్టి అదీ కలుపుతాం. ఈ 4 లక్షల దగ్గర ఒక గుంట ఉంది, కాసేపట్లో అక్కడికి వస్తాను.

మూడోది ఎదురు దిశలో నడుస్తుంది. పాత గ్రైండరు ఒకటి అమ్మేశారు. పుస్తకాల్లో దాని విలువ 3 లక్షలు, అమ్మితే వచ్చింది 8 లక్షలు. తేడా 5 లక్షలు లాభంలో చేరింది. చేతికి నిజంగానే 8 లక్షలు వచ్చాయి కదా, మరి 5 లక్షలు తీసేయడమెందుకు? అది మిర్చి పొడి అమ్మి తెచ్చిన డబ్బు కాదు గనుక. మొత్తం 8 లక్షలూ పట్టికలో పెట్టుబడుల భాగంలో కనిపిస్తాయి. ఇక్కడ 5 తీయకపోతే ఆ మేరకు రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

ఇక బ్యాంకు వడ్డీ 22 లక్షలు. ఇది నిజంగా చెల్లించిన డబ్బే. అయినా ఇక్కడ తిరిగి కలిపి, కింద అప్పుల భాగంలో చూపిస్తారు. వ్యాపారం ఎలా నడిచిందన్నది ఒక సంగతి, దానికి డబ్బు ఎవరిచ్చారన్నది ఇంకో సంగతి, రెంటినీ కలపకూడదన్నది దీని వెనుక ఆలోచన. ఆలోచన సబబే. అయితే అప్పుల మీద నడిచే వ్యాపారాల్లో దీనివల్ల పై భాగం కాస్త అందంగా కనిపిస్తుంది. చదివేవాళ్లు వడ్డీని మనసులో తీసేసుకుని చూడటం మంచిది.

ఇప్పటిదాకా లెక్క: 60కి 18, 4, 22 కలిపి 5 తీస్తే 99 లక్షలు. యజమాని మొహం ఇంకా చిట్లించే ఉంటుంది. అడిగిందేమో డబ్బు ఎక్కడ పోయిందని, లెక్కేమో 60ని 99 చేసింది. అసలు కథ వర్కింగ్ క్యాపిటల్ దగ్గర మొదలవుతుంది.

పుస్తకాల్లో ఈ భాగానికి ఒక సూత్రం ఉంటుంది: ఆస్తి పెరిగితే తీసేయి, బాకీ పెరిగితే కలుపు. విద్యార్థులు దాన్ని బట్టీ పట్టి పరీక్ష రాసి మర్చిపోతారు. ఎందుకు తీసేయాలో ఒక్కసారి చూస్తే బట్టీ అక్కర్లేదు. రాబాకీలనే తీసుకోండి. ఏడాది మొదట్లో కొనుగోలుదారులు మనకు ఇవ్వాల్సింది 90 లక్షలు, ఏడాది చివర 150 లక్షలు. మధ్యలో 900 లక్షల సరుకు అమ్మాం. పాత 90, కొత్త 900 కలిపితే 990 లక్షలు రావాలి, అందులో 150 ఇంకా రాలేదు. అంటే చేతికి వచ్చింది 840. లాభనష్టాల ఖాతా మాత్రం 900 వచ్చినట్టే లెక్క వేసింది. ఆ 60 లక్షల తేడాను ఇప్పుడు తీసేయాలి. నిజానికి బాకీల అంకెలో జీఎస్టీ ఉంటుంది, అమ్మకాల అంకెలో ఉండదు. ఆ చిక్కును ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

అంతటితో ఆగకూడదు. ఈ 60 లక్షలు ఎందుకు పెరిగాయి? కిందటేడు అమ్మకాలు 8 కోట్ల 60 లక్షలు. ఈ ఏడు 9 కోట్లు. పెరుగుదల అయిదు శాతం లోపే. రాబాకీలు మాత్రం మూడింట రెండు వంతులు పెరిగాయి. రోజుల్లో చెప్పుకుంటే, కిందటేడు సరుకు అమ్మిన దాదాపు 38 రోజులకు డబ్బు వచ్చేది, ఇప్పుడు 61 రోజులు పడుతోంది. దీనికి మామూలుగా రెండే కారణాలుంటాయి. పాతవాళ్లు డబ్బు ఆలస్యం చేస్తున్నారు, లేదా అమ్మకాలు పెంచి చూపడం కోసం మార్చి నెలలో ఎవరికి పడితే వాళ్లకు అరువు మీద సరుకు తోశారు. మార్చి చివరి పది రోజుల ఇన్‌వాయిసులు విడిగా తీసి, వాటిలో ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని వెనక్కి తిరిగొచ్చాయో చూస్తే రెండో కారణం బయటపడిపోతుంది.

ఇప్పుడు ఇందాకటి గుంట. బ్యాలెన్స్ షీట్‌లో రాబాకీలు 150 అని ఉండవు. అనుమానపు బాకీ 4 తీసేసి 146 అని ఉంటుంది. తొందరలో ఉన్న అకౌంటెంటు 146లోంచి 90 తీసి, పెరుగుదల 56 అని రాస్తాడు. పైన 4 కలపనే కలిపాడు. దాంతో ఆ 4 లక్షలు రెండుసార్లు కలిసినట్టవుతుంది. పైన 4 కలిపితే ఇక్కడ పూర్తి 60 తీయాలి. 56 తీయదలచుకుంటే పైన 4 కలపకూడదు. ఆఖరున పట్టిక సరిగ్గా 4 లక్షలు తేడా వచ్చినప్పుడు ముందు వెతకాల్సిన చోటు ఇదే.

తర్వాత నిల్వ. ఏడాది మొదట్లో 80 లక్షల సరుకు ఉంది, చివర 155 లక్షలది. ఏడాదిలో 700 లక్షల మిర్చి కొన్నారు. కానీ ఖర్చుగా లాభనష్టాల ఖాతాకు ఎక్కింది 80కి 700 కలిపి 155 తీసేసిన 625 లక్షలే. మిగిలిన 75 లక్షలు కోల్డ్ స్టోరేజీలో టిక్కీల రూపంలో పేర్చి ఉన్నాయి. ఆ 75 కూడా లాభంలోంచి తీయాలి.

ఇక్కడ యజమాని చెప్పే సమాధానం ఊహించవచ్చు: "సీజన్ అండీ! ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తుతుంది. అప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు కొంటాం?" మాట నిజమే, మార్చి నెలాఖరున మిర్చి వ్యాపారి దగ్గర నిల్వ బాగా ఉండటం సహజం. కానీ మనం పోల్చింది దసరాతో కాదు. కిందటేడు మార్చి 31తో ఈ ఏడు మార్చి 31ని పోల్చాం. అప్పుడూ సీజనే. సీజన్ ప్రభావం రెండు వైపులా సమానంగా ఉంది గనుక 75 లక్షల పెరుగుదలకు అది కారణం కాలేదు. ధర పెరిగిందా, బస్తాలు పెరిగాయా అన్నది చూడాలి. బస్తాల సంఖ్య అంతే ఉండి ధర పెరిగితే ఒక రకం కథ. ధర పడిపోయినా నిల్వ విలువ ఇలా పెరిగిందంటే సరుకు అమ్ముడుపోవడం లేదన్నమాట, లేదా ధర పెరుగుతుందని పందెం కాసి దాచారన్నమాట. అందులో కిందటి సీజన్ తేజ రకం టిక్కీలు ఎన్ని మిగిలి ఉన్నాయో కోల్డ్ స్టోరేజీ రసీదుల తేదీలే చెబుతాయి. రంగు తగ్గిన పాత సరుకును కొన్న ధరకే నిల్వలో చూపితే లాభం కూడా ఆ మేరకు ఉబ్బినట్టే.

ఇక మనం ఇవ్వాల్సిన బాకీలు. 60 నుంచి 85 లక్షలకు పెరిగాయి. అంటే 25 లక్షల సరుకు వాడుకున్నాం, డబ్బింకా ఇవ్వలేదు, కాబట్టి 25 కలపాలి అనిపిస్తుంది. కానీ ఆ 85లో 10 లక్షలు కొత్త ప్యాకింగ్ మెషీన్ అమ్మినవాడికి ఇవ్వాల్సినవి. మెషీన్ ధర 40 లక్షలు, 30 చెల్లించారు, 10 బాకీ. ఇది రోజువారీ వ్యాపారపు బాకీ కాదు, పెట్టుబడి బాకీ. దాన్ని వదిలేసి 15 లక్షలే కలపాలి. పెట్టుబడుల భాగంలో కూడా మెషీన్ కోసం 40 అని కాకుండా 30 అని రాయాలి. పైన 25, కింద 40 అని రాసినా పట్టిక మొత్తం సరిపోతుంది. ఈ తప్పు ప్రమాదకరమైంది అందుకే. కూడిక సరిపోయింది కదా అని ఎవరూ మళ్లీ చూడరు, వ్యాపారం తెచ్చిన డబ్బు మాత్రం ఉన్నదానికన్నా 10 లక్షలు ఎక్కువగా కనిపిస్తుంది.

కూడదాం. 99లోంచి రాబాకీలకు 60, నిల్వకు 75 తీసి, 15 కలిపితే మైనస్ 21 లక్షలు. ఈ ఏడాది కట్టిన పన్ను 14 లక్షలు. పన్ను ఖర్చు 15 అయినా ఒక లక్ష ఇంకా కట్టాల్సి ఉంది. అది కూడా తీస్తే మైనస్ 35. నికర లాభం 45 లక్షలు తెచ్చిన వ్యాపారం నిజానికి 35 లక్షల డబ్బు మింగింది.

పట్టికలో మిగిలిన రెండు భాగాలు తొందరగా అయిపోతాయి. మెషీన్‌కు 30 పోయి గ్రైండరుకు 8 వచ్చింది, నికరంగా 22 ఖర్చు. వడ్డీ 22 కట్టారు. సీసీ లిమిట్ నుంచి 60, టర్మ్ లోన్ 25, కలిపి 85 లక్షలు బ్యాంకు నుంచి తెచ్చారు. అన్నీ కలిపితే ఏడాదిలో నగదు 6 లక్షలు పెరిగింది, 12 నుంచి 18కి. బ్యాంకు పుస్తకంలో ఉన్న నిల్వతో అది సరిపోయింది. బ్యాలెన్స్ షీట్‌లో ఆ ఒక్క గడినే చూసినవాడు నగదు పెరిగిందని సంతోషిస్తాడు. పెరిగిన ఆరు లక్షలూ అప్పు సొమ్మే. యజమాని అడిగిన డబ్బులో కొంత అరువు తీసుకున్న వ్యాపారుల దగ్గర ఉంది, మరికొంత కోల్డ్ స్టోరేజీలో ఉంది.

ఈ లెక్క రాకముందు పెద్దపెద్ద కంపెనీల మదుపుదారులకు కూడా ఇది కనపడేది కాదు. అమెరికాలో డబ్ల్యూ.టి. గ్రాంట్ అనే దుకాణాల గొలుసు ఉండేది. 1906లో మొదలై వెయ్యికి పైగా దుకాణాలకు ఎదిగింది. కొనుగోలుదారులకు విచ్చలవిడిగా అప్పు ఇచ్చి సరుకు అమ్మింది. అమ్మకాలు పెరిగాయి, లాభాలు చూపింది. 1973లో కూడా దాని షేరు లాభానికి దాదాపు ఇరవై రెట్ల ధర పలికింది. 1975 అక్టోబరులో దివాలా తీసింది. 1980లో జేమ్స్ లార్గే, క్లైడ్ స్టిక్నీ అనే ఇద్దరు పాత లెక్కలు తిరగేసి చూస్తే, కూలిపోవడానికి ఏళ్ల ముందు నుంచే వ్యాపారం డబ్బు తేవడం లేదని, మింగుతోందని తేలింది. మరి అప్పట్లో ఎవరికీ ఎందుకు కనపడలేదంటే, ఆ రోజుల్లో కంపెనీలు ఇచ్చే నిధుల పట్టికలో లెక్క వర్కింగ్ క్యాపిటల్ దగ్గరే ఆగిపోయేది. రాబాకీ పెరిగితే అది కూడా వర్కింగ్ క్యాపిటల్‌లో భాగమే గనుక నిధులు ఉన్నట్టే చూపేది. మన కంపెనీకి ఆ పాత పద్ధతి వాడితే 99 దగ్గర ఆగి చప్పట్లు కొట్టేవాళ్లం. 1987లో అమెరికా ప్రమాణాలు నగదు ఆధారంగా పట్టిక ఉండాలన్నాయి. మన దేశంలో అకౌంటింగ్ స్టాండర్డ్ 3ను 1997లో అలా మార్చారు.

అలాగని ఒక్క ఏడాది మైనస్ చూసి బెంబేలెత్తక్కర్లేదు. నిజంగా ఎదుగుతున్న వ్యాపారంలో రాబాకీలు, నిల్వలు పెరగడం సహజమే. నాలుగైదేళ్ల నికర లాభాలను ఒకవైపు, వ్యాపారం తెచ్చిన నగదును ఒకవైపు కూడి చూడాలి. అన్నేళ్లు గడిచినా రెండోది మొదటిదాన్ని అందుకోకపోతే అనుమానించాలి. ప్లస్ వచ్చినంత మాత్రాన మురిసిపోనూ కూడదు. మార్చి 25 నుంచి ఎవరికీ చెక్కులు ఇవ్వకుండా ఏప్రిల్ మొదటి వారానికి తోసేస్తే బాకీలు పెరుగుతాయి, పట్టికలో నగదు కళకళలాడుతుంది. మన దగ్గర దానికి కొంత వెల ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొన్న సరుకుకు గడువులోగా, ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించకుండా, డబ్బు ఇవ్వకపోతే చక్రవడ్డీ పడుతుంది. గడువు దాటిన ఆ ఖర్చును డబ్బు చెల్లించిన ఏడాదిలోనే పన్ను లెక్కకు ఒప్పుకుంటారు.

ఈ పద్ధతికి అసలు హద్దు ఎక్కడుందో హైదరాబాదుకు బాగా తెలుసు. పరోక్ష పద్ధతి రెండు బ్యాలెన్స్ షీట్ల తేడాల నుంచి పుడుతుంది. లేని లాభం చూపేవాడు దాన్ని బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడో ఒకచోట పెట్టాలి. రాబాకీల్లో పెడితే పరోక్ష పద్ధతి పట్టేస్తుంది, ఎందుకంటే ఆ పెరుగుదలను తీసేస్తుంది. బ్యాంకు నిల్వలోనే పెడితే? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, అంతకుముందు సెప్టెంబరు చివరి బ్యాలెన్స్ షీట్‌లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. రాబాకీల్లో ఎక్కువ చూపింది 490 కోట్లే. అబద్ధపు లాభంలో ఎక్కువ భాగం నగదు గడిలో కూర్చున్నప్పుడు పట్టికలో వ్యాపారం డబ్బు తెస్తున్నట్టే కనిపిస్తుంది, కూడికా సరిపోతుంది. అంత నిల్వ మీద వచ్చిన వడ్డీ ఎంత అని నిలదీయడం మంచి పరీక్షే. కానీ ఆ లేఖలోనే, రావాల్సిన వడ్డీగా చూపిన 376 కోట్లు కూడా లేనివేనని ఉంది. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఫలానా తేదీన ఖాతాలో ఎంత ఉందో బ్యాంకు సంతకంతో, కంపెనీ చేతుల మీదుగా రాకుండా, నేరుగా ఆడిటర్‌కు చేరే ఉత్తరం.